పిలవలేని పందొమ్మిది గడపలు

సూరత్‌లో తెలుగు పెళ్ళిపత్రికలు చాలావరకు నా చేతిమీదుగానే వెళ్ళేవి. మునిసిపల్ బడిలో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి కనుక, మన వారింట ఏ శుభకార్యం తలపెట్టినా కాగితం, కలం పట్టుకొని మా గుమ్మంలోకి వచ్చేవారు. వధూవరుల పేర్లు మారేవి, తిథివారనక్షత్రాలు మారేవి. ఒక్క వాక్యం మాత్రం మారేది కాదు. "సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి" అన్న ఆ వాక్యాన్ని ఎన్ని వందల మార్లు వ్రాశానో లెక్కలేదు. వ్రాస్తున్నప్పుడల్లా ఒక పెద్ద వాకిలి బార్లా తెరుచుకొన్నట్లు, దానిలోనుండి పసిబిడ్డలు మొదలు ముదుసళ్ళ దాకా పట్టుబట్టల గరగరలతో నడచివస్తున్నట్లు కనుల ముందు కదలాడేది.

ఆ వాకిలికి వెడల్పు ఎంత అని అడగవలసిన దినం నాకే వస్తుందని అనుకోలేదు.

మా మనుమరాలికి సంబంధం కుదిరింది. ఆమె ఒక ఆసుపత్రిలో రోగుల చేత వ్యాయామం చేయించి కాళ్ళూచేతులూ స్వాధీనానికి తెచ్చే వైద్యం చేస్తుంది. వరుని వారు నవసారిలో స్థిరపడిన మన వారే. ముహూర్తం దొరికిన దినానికి కతర్‌గామ్ వైపు ఒకే ఒక్క వాడి ఖాళీగా ఉన్నది. వాడి అంటే ఇక్కడ కల్యాణమండపం. నేనూ, నా కొడుకూ చూడడానికి వెళ్ళాము. దానిని చూసుకొనే గుజరాతీ పెద్దమనిషి తాళాలగుత్తి ఊపుకొంటూ మమ్మల్ని లోపలికి తీసుకొనిపోయి, "మూడువందల యాభై కుర్చీలు. అంతకు పైన ఒక్కటి కూడా వేయను. నిప్పు భయం ఉన్నది, నడవలు ఖాళీగా ఉండాలి. భోజనాల పంక్తికి నూట ఇరవై మంది చొప్పున మూడు పంక్తులు. మొదటి పంక్తి లేస్తేనే రెండోది," అని హిందీలో చెప్పాడు.

నా కొడుకు ఖటోదరాలో ఒక రంగుల మిల్లులో సూపర్‌వైజరు. లెక్క తేలికగా తీసుకొనే స్వభావం. "ఎంత పిలిచినా పదోవంతు రారు గద నాన్నా, ఆ హిసాబుతోటి పిలుద్దాం," అన్నాడు.

ఆ పెద్దమనిషి నవ్వాడు. "ఆ రోజు మగ్గాలకు సెలవు. మీ వాళ్ళందరూ వస్తారు. రారనుకొని పిలిచినవాడు పెళ్ళినాడు గుమ్మంలో నిలబడి చెమటలు తుడుచుకోవడం నేను చూశాను."

వరుని పక్షానికి నూట యాభై విడిచిపెట్టాము. మాకు మిగిలినవి రెండు వందలు. ఇంటికి వచ్చి జాబితా వ్రాయడం మొదలుపెట్టాము. ఇళ్ళుగా వ్రాసినప్పుడు చిన్నదిగానే కనబడింది. తలలుగా లెక్కించేసరికి మూడువందల పదకొండు అయింది.

*

ఆ జాబితాతో నేను గడిపిన మధ్యాహ్నాలు ఇప్పటికీ కలలోవలెనే జ్ఞాపకం వస్తాయి. తాపీ నది మీదినుండి వచ్చే ఉక్కగాలి కిటికీ తెరను ఉబ్బించి వదిలేది. కాగితం మీది పేర్ల పైన నా కనురెప్పలు వాలేవి. వాలిన వెంటనే పేర్లు మనుషులయ్యేవి. అందరూ పొగమంచులో వంతెన దాటి వస్తున్నట్లు, ముందున్నవారి ముఖాలు మాత్రమే కనబడుతున్నట్లు, వెనుకనున్నవారు కేవలం పాదాల చప్పుడుగా ఉన్నట్లు తోచేది. నేను వంతెన కొసన నిలబడి చేయి అడ్డుపెట్టాలి. ఎవరి ముందు? ఆ ప్రశ్న దగ్గర ఉలికిపడి మేల్కొనేవాణ్ణి. పేరు పేరుగానే ఉండేది. నా కలం మూత తీసే ఉండేది.

మొదట ఒక్కొక్కరినే కొట్టివేయాలని చూశాము. నా భార్య ఒక పేరు కొట్టివేస్తే, అరగంటకు ఆవిడే మళ్ళీ వ్రాసేది. "ఆమె నా ఆపరేషన్‌కు వచ్చి రెండు దినాలు కూసున్నది. ఎట్ల తీసేద్దునయ్యా?" అనేది. వారం దినాలలో తగ్గినవి నాలుగు తలలు, పెరిగినవీ నాలుగే.

అప్పుడు సూత్రం చెప్పినవాణ్ణి నేనే. బడిలో పిల్లలను వనభోజనానికి తీసుకొనిపోయేటప్పుడు బస్సు చాలకపోతే మేము ఒక్కొక్క పిల్లవాణ్ణి ఏరేవారము కాదు; ఒక తరగతి మొత్తాన్ని ఆపేవారము. ఏరివేతలో మిగిలిపోయిన పిల్లవాడికి తన లోపమేదో ఉన్నదనిపిస్తుంది. తరగతి మొత్తం ఆగిపోతే ఎవరికీ అలా అనిపించదు. కనుక వ్యక్తులను కాదు, వరుసలను చూడాలన్నాను. ఒక వరుసలో ఒకరిని పిలిస్తే అందరినీ పిలవాలి, ఒకరిని మానితే అందరినీ మానాలి.

"బాగుంది తాతా," అన్నది మనుమరాలు. "ఏ వరుస అన్నది ఎట్ల తేల్చాలి?"

"గడచిన రెండేళ్ళలో నీతో ముఖాముఖి మాట్లాడినవారు ఉన్న వరుస ఉంటుంది. పెళ్ళి నీది."

ఆమె నా చేతిలోని పత్రిక ముసాయిదా తీసుకొని, నేను వందలమార్లు వ్రాసిన ఆ వాక్యం కింద గీత గీసింది. "అయితే ముందు ఇది తీసెయ్. మా ఆసుపత్రిలో గుజరాతీ ఫ్రెండ్స్ ఇండ్లల్ల కంకోత్రి మీదనే, అంటే పెండ్లి కార్డు మీదనే, పేరు రాసి, 'సజోడే' అంటే ఇద్దరు, 'సర్వే' అంటే అందరు అని రాస్తరు. ఎవరూ ఏమనుకోరు. నువ్వేమో సపరివారం అని రాసి, రెండు కుర్చీలు వేస్తవు."

నాకు కోపం రాలేదని చెప్పను. కాని పిల్ల చెప్పినది నిజం. మర్యాదగా వ్రాసిన ఆ మాటే తలలను మూడింతలు చేస్తున్నది. వాక్యం కొట్టివేసి, ఆ చోట పేర్లు చేత్తో వ్రాయడానికి ఒక ఖాళీ గీత ఉంచాను.

ఇక వరుసలు తేలిపోయాయి. కొడుకు మిల్లువారి పద్నాలుగు ఇళ్ళు దంపతులకు పరిమితమయ్యాయి, ఇరవై తగ్గాయి. నాతో పాటు పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులు ఎనిమిది మంది. ఆ వరుస నా సొంతం కనుక నేనే తీసివేశాను. ఇంకా ఎనభై మూడు తగ్గాలి. మిగిలిన వరుసలన్నిటిలో సరిగ్గా ఎనభై ముగ్గురు ఉన్న వరుస ఒక్కటే ఉన్నది. మేము పదిహేడేళ్ళ కిందట విడిచి వచ్చిన పాత గల్లీ. పందొమ్మిది ఇళ్ళు. గడచిన రెండేళ్ళలో పిల్లతో ముఖాముఖి మాట్లాడినవారు దానిలో ఎవరూ లేరు.

ఆ పందొమ్మిదిలో ఒక ఇల్లు నా మిత్రునిది.

*

అతడు మగ్గాల జాబరు. మరమగ్గం మొరాయిస్తే చెవి ఆనించి విని, జబ్బు ఎక్కడున్నదో చెప్పగలిగినవాడు. కొత్తగా ఉద్యోగానికి వచ్చి, భాష తెలియక, అద్దెకు గది దొరకక తిరుగుతున్న నన్ను, నా భార్యను తన ఇంటి ముందుగదిలో నాలుగు నెలలు ఉంచుకొన్నాడు. ఆ ఇంటి గోడకు ఆవల మగ్గాలు. ఆ చప్పుడు మొదట నిద్ర చెడగొట్టింది. తరువాత అది ఆగితే నిద్ర చెడేది. తరువాత ఆ గల్లీలోనే మేము తీసుకొన్న ఇంట్లో, నా కొడుకు పుట్టినప్పుడు ఉయ్యాలకు కప్పులో కొక్కెం బిగించినది అతడే. అదే కొక్కేనికి తరువాత మనుమరాలి ఉయ్యాల కూడా వేశాము. ఈ నగరంలో నన్ను అందరూ 'సార్' అంటారు. 'పంతులూ' అని, 'నువ్వు' అని పిలిచేవాడు అతడొక్కడే. ఆ పిలుపులోనే నాకు నా యౌవనం ఇంకా ఎక్కడో బ్రతికి ఉన్నట్లు ఉండేది.

"ఆ ఒక్క ఇల్లు పిలుద్దాము," అన్నాను. "పదకొండు మంది. ఎక్కడో సర్దుదాము."

మనుమరాలు నా చేయి పట్టుకొన్నది. "తాతా, సూత్రం నువ్వే చెప్పినవు. ఒక్క ఇంటిని పిలిస్తే మిగిలిన పద్దెనిమిది ఇండ్లకు మిమ్మల్ని కావాలని మానినం అని చెప్పినట్టే గద? గల్లీల ఎవరింటికి ఏ కార్డు వచ్చిందో దినం తిరగకముందే తెలుస్తది."

నిజమే. ఇంకొక ఉపాయం కొడుకు చెప్పాడు: "ఎవరన్న రాకపోతే అప్పుడు పిలుస్తం అని చెప్పి ఉంచుదాం." అది నేను ఒప్పుకోలేదు. ఎవరో రాకపోవాలని ఎదురుచూస్తూ కూర్చోవడం మనిషికి మర్యాద కాదు. పత్రికలు పంచడానికి ముందే, వారు మరెవరి నోటనో వినకముందే, మేమే వెళ్ళి, గుమ్మంలో నిలబడి, ఉన్న మాట చెప్పాలి. చెప్పిన తరువాత 'ఏమీ అనుకోవద్దు' అని వారినే మమ్మల్ని ఊరడించమని అడగకూడదు. ఫోనులో సందేశం పంపకూడదు. ఇదీ మేము అనుకొన్న పద్ధతి. మొదటి గడప మిత్రునిదే కావాలని నేను పట్టుబట్టాను.

మాట నేను మొదట చెప్పాలి. నా భార్య మౌనంగా ఉండాలి. అదీ అనుకొన్నదే.

*

మగ్గాలు ఆగిన సెలవు దినం. ఉదయం గుడిలో తొలి పత్రిక దేవుని ముందు పెట్టి, తొలి బొట్టు అమ్మవారికి పెట్టి, ఆ దారినే గల్లీకి వెళ్ళాము. కుంకుమభరిణె నా భార్య సంచిలోనే ఉండిపోయింది. అది నేను గమనించలేదు.

గల్లీ నిశ్శబ్దంగా ఉన్నది. మగ్గాల చప్పుడు లేని ఆ గల్లీ నాకు నీటి అడుగున ఉన్న ఊరువలె తోచింది. అన్నీ ఉన్నాయి, ఏదీ పలకడం లేదు. ఆరవేసిన చీరలు కదలకుండా వ్రేలాడుతున్నాయి. మిత్రుడు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చొని చాయ్ తాగుతున్నాడు. అతని కొడుకులిద్దరూ ఊరి బయట జోల్వాలోని మగ్గాలలో పనిచేస్తారు. వారూ ఇంట్లోనే ఉన్నట్లున్నారు, లోపల పిల్లల గొడవ వినబడుతున్నది.

"ఏంది పంతులూ! జంటగ వచ్చిండ్రు, ఇస్త్రీ ధోవతి కట్టినవ్. లగ్గం పిలుపేనా? నీ నడక జూస్తె పరీక్షల కాపీ కొట్టి దొరికిన పోరని లెక్కున్నది."

నేను నోరు తెరిచాను. అతని భార్య లోపలినుండి వచ్చింది. మమ్మల్ని చూసి ముఖం వికసించింది. "జర ఆగు వదినె, మొఖం కడుక్కొస్త," అని పరుగున పోయి, తడి ముఖంతో, కొంగుతో నుదురు తుడుచుకొంటూ వచ్చి, పీట వాల్చి తూర్పుముఖంగా కూర్చున్నది.

పెళ్ళిళ్ళ కాలంలో భార్యాభర్తలిద్దరూ గడపలోకి వస్తే మన ఆడవారు చేసేది అదే. అలా ముఖం కడుక్కొని కూర్చొన్న ముత్తైదువను చూస్తే మన ఆడవారి చేయి చేసేదీ ఒకటే. నా భార్య యాభై ఏళ్ళ అలవాటు ఆమె ఆలోచనకంటె ముందు నడిచింది. సంచిలో చేయి పోయింది, భరిణె వచ్చింది, మూత తెరుచుకొన్నది. నేను "ఆగు" అనేలోగా బొట్టు పడింది.

బొట్టు పెట్టడమంటే పిలవడమే. అది పత్రికకంటె పెద్ద పిలుపు. నా భార్య చేయి గాలిలో నిలిచిపోయింది. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరువలేదు. ఎదురింటి గుమ్మంలో ఒక ఇల్లాలు అప్పటికే ముఖం తుడుచుకొంటున్నది. ఆ పక్క తలుపు తెరుచుకొన్నది. గల్లీ పొడవునా, కలలోవలె, ఒక్కొక్క గడపలో ఒక్కొక్క తడి ముఖం వెలుగుతున్నది. పందొమ్మిది నుదుళ్ళు మా కోసం ఎదురుచూస్తున్నాయి.

అప్పుడు ఒక అబద్ధం ఎంతో సుఖంగా నా నాలుక మీదికి వచ్చింది. అందరినీ పిలిచివేసి, తరువాత చూసుకొందాము అని. ఆ గుజరాతీ పెద్దమనిషి తాళాలగుత్తి చప్పుడు వినబడినట్లయింది. నేను స్టూలు పక్కన నేల మీద కూర్చున్నాను.

"తప్పు మాది," అన్నాను. "మాట ముందు చెప్పవలసినది. బొట్టు ముందు పడింది. మేము పిలవడానికి రాలేదు. పెళ్ళి జరిగే చోట మా వైపుకు రెండువందల కుర్చీలే ఉన్నాయి. పిల్ల ఇటీవల కలుసుకొంటున్నవారి వరకే పిలుస్తున్నాము. గల్లీలో ఏ ఇంటినీ పిలవలేకపోతున్నాము. ఈ పద్ధతి పెట్టినవాణ్ణి నేనే. అది మొదట నీకు నా నోటితో చెప్పాలని వచ్చాను."

మిత్రుడు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. లోపల పిల్లల గొడవ కూడా ఆగింది.

"పిలువనీకి వచ్చెటోళ్లను జూసిన," అన్నాడు. "పిలుస్తలేమని చెప్పనీకి జంటగ వచ్చుడు ఇదే జూసుడు."

అతడు లేచి నిలబడ్డాడు. "మంచిది సార్. మీరు పెద్దోళ్లు, ఆలోచించే చేసి ఉంటరు."

సార్. మీరు. దాదాపు యాభై ఏళ్ళ తరువాత.

అతడు లోపలికి వెళ్ళిపోయాడు. అతని భార్య పీట మీదనే ఉన్నది. నుదుటి మీద తడి ఆరని బొట్టు. ఆమె నా భార్య చేయి పట్టుకొని కూర్చోబెట్టుకొన్నది.

"పెట్టిన బొట్టు నేనైతె తుడువ వదినె. లగ్గానికి కాకుంటె ఇంకోదానికి. దినం మీరే చెప్పుండ్రి."

"పెండ్లి మరునాడు సత్యనారాయణ వ్రతం ఉన్నది," అన్నది నా భార్య కన్నీళ్ళతో. "కాని మా ఫ్లాటుల నలభై మంది కూడ పట్టరు."

"మీ ఇల్లు సాలకుంటె మా గల్లీ సాలదా? ఆ పిల్లకు కాళ్ల మీద పండుకోబెట్టుకొని నీళ్లు పోసిన. మొగణ్ని తోలుకొని ఈడికి రమ్మను. పీటలు ఈడ ఏద్దాం."

నేను వెంటనే అవునని అనలేదు. నిలబెట్టుకోలేని మాట ఇవ్వకూడదని, అక్కడే నిలబడి మనుమరాలికి ఫోను చేశాను. వరుణ్ణి అడిగి చెబుతానన్నది. పది నిమిషాలకు చేసి, "వస్తం తాతా. కానీ మిగిలిన ఇండ్లకు కూడ నువ్వే పోయి చెప్పు. గల్లీ అవ్వ నోటితోని కాదు," అన్నది.

పోయాను. పద్దెనిమిది గడపలలోనూ ఒకటే మాట, ఒకటే క్రమంలో చెప్పాను: పెళ్ళికి పిలవలేకపోతున్నాము; ఎందుకో ఇది; మరునాడు వ్రతానికి పిల్ల ఇక్కడికే వస్తుంది; ఇది దానికి బదులు కాదు, ఇది వేరు. ఆ తరువాతనే నా భార్య భరిణె మూత తీసేది. కొందరు నవ్వారు. "హాలు సిన్నగున్నదా, మనసు సిన్నగైందా సార్?" అన్నది ఒక ముసలమ్మ. "హాలే," అన్నాను. "గట్లయితె సరే," అని నుదురు చాపింది. ఒక ఇంటివారు నమస్కారం పెట్టి తలుపు వేసుకొన్నారు. ఆ తలుపు ముందు కొంచెంసేపు నిలబడి, తట్టకుండా వచ్చేశాము.

మిత్రుడు ఆ ఉదయం మళ్ళీ బయటకు రాలేదు.

*

పెళ్ళి చక్కగా జరిగింది. మండపం పెద్దమనిషి జోస్యం తప్పింది. ముహూర్తం దాటాక చూస్తే వెనుక వరుసలలో ముప్పై కుర్చీలదాకా ఖాళీ. తెల్లని గవిసెనలు తొడిగిన ఆ కుర్చీలు పందిట్లో ఎవరో లేచిపోయిన నీడలవలె కనబడ్డాయి. నా కొడుకు చెవిలో అన్నాడు: "నాన్నా, గల్లీకి ఫోన్ కొట్టనా? ఆటోల వస్తే అర్ధ గంట. నీ దోస్తునన్న పిలుద్దాం."

నా ప్రాణం ఒక్కసారి అటు పోయింది. ఫోను అప్పటికే వాడి చేతిలో ఉన్నది. కాని ఖాళీ కుర్చీ నింపడానికి పిలిచిన పిలుపు ఆ మనిషికి ఎలా వినబడుతుందో నాకు తెలుసు.

"వద్దు," అన్నాను. "రేపు మనమే పోతున్నాము."

ఆ తరువాత తలంబ్రాలు పోసుకొంటున్నంతసేపూ నేను మనుమరాలిని చూస్తూనే, వెనుకనున్న ఆ కుర్చీలను కూడా చూస్తూ ఉన్నాను.

*

మరునాడు ఉదయం దంపతులను వెంటబెట్టుకొని గల్లీ మొగ దగ్గర దిగాము. ఆ దినం మగ్గాలకు సెలవు కాదు. కాని ఆ గల్లీవారు ఆ పూటకు మగ్గాలు ఆపించుకొన్నారు. ఇంటికీ ఇంటికీ మధ్య మగ్గం నుండి అప్పుడే దిగిన తెల్లని కోరా గుడ్డ పందిరిగా కట్టారు. దాని గుండా వడగట్టుకొని వచ్చిన ఎండ పాలవలె నేల మీద పరచుకొన్నది. ఆ వెలుగులో పీటలు, కలశం, పూలు, పిల్లలు, ముసలివారు, అందరూ కొంచెం తేలుతున్నట్లు ఉన్నారు. మిత్రుని భార్య మనుమరాలి ముఖాన్ని రెండు చేతులతో పట్టుకొని, "నీళ్లు పోస్తుంటె నన్ను కొరికినవే!" అన్నది. కొత్త పెండ్లికొడుకు అందరికంటె గట్టిగా నవ్వాడు. మూసుకొన్న తలుపు ఆనాడు ఓరగా తెరిచి ఉన్నది. లోపలివారు బయటకు రాలేదు.

నేను మాత్రం ఒక్క ముఖం కోసమే వెదకుతున్నాను. స్టూలు మీద లేడు. గుమ్మంలో లేడు. పూజ దగ్గర లేడు. వంటపొయ్యి దగ్గరి మగవారిలో లేడు. రాలేదేమో, ఇంట్లోనే పడుకొన్నాడేమో అనుకొన్నాను. నా కాళ్ళు పందిరి చివరికి వచ్చి ఆగిపోయాయి. అక్కడ గుడ్డ ఒక కొస జారి, గాలికి రెపరెపలాడుతున్నది.

తల ఎత్తి చూశాను. నిచ్చెన మీద, పళ్ళ మధ్య సుతిలి తాడు కరచుకొని, డెబ్బై దాటిన మనిషి.

"ఏంది పంతులూ, గట్ల జూస్తవ్?" అన్నాడు తాడు నోట్లోనుండి తీసి. "గా కొస పట్టుకో. జర గట్టిగ."

నేను పట్టుకొన్నాను.